నడికుడి సోడాకొట్టు దగ్గర నేనడిగిన ప్రశ్న

పల్నాడు మొత్తం మీద, రైల్వేస్టేషను ముందు నలభై మంది చూస్తుండగా ఒక ఆయమ్మకు గొంతెత్తి క్షమాపణ చెప్పిన వకీలు గుమస్తా ఎవడన్నా ఉన్నాడంటే, అది నేనొక్కణ్ణే. ఆ రోజు నా మాటలు విని నడికుడి సోడాకొట్టు సాయిబు తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. టికెట్లిచ్చే ఆయన కిటికీ మూసి బయటికొచ్చి నిలబడ్డాడు. మాచర్ల వెళ్ళే బండి నా కోసం రెండు నిమిషాలు ఆగింది.

ఈ సంగతి నేను చాలా పెళ్ళిపందిళ్ళలో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ జనం పెరిగారు. మొదట పదిమందితో మొదలుపెట్టినట్టు గుర్తు. నలభై దగ్గర ఆగానంటే నాకు సిగ్గు ఉన్నట్టే లెక్క. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి మొదటి నుంచీ చెబుతాను. ఎక్కడ సాగదీశానో అక్కడ ఒప్పుకుంటూ పోతాను.

సాగరు దగ్గర డ్యామ్ కడుతున్న రోజులు. మేము నరసరావుపేటలో ఉండేవాళ్ళం. నేను ఒక వకీలుగారి దగ్గర గుమస్తాను. మా ఆవిడ ఆడపిల్లల బడిలో టీచరు. మా నాన్న మిషను బడిలో పాఠాలు చెప్పి, పింఛను తీసుకోకముందే పోయాడు. మిగిలింది అమ్మ. ఒక పొద్దున పెరట్లో కోళ్ళకు గింజలు చల్లుతూ కూలబడిపోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట కొంచెం ముద్దగా వచ్చేదిగానీ, బుర్ర మాత్రం ఎప్పటిలాగే కత్తి.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక మా మిషను గుడి ఆడవాళ్ళు వంతులు వేసుకుని వచ్చారు. ఒకరు గంజి, ఒకరు ప్రార్థన, ఒకరు విసనకర్ర. నెల తిరిగేసరికి ప్రార్థన ఒక్కటే మిగిలింది. వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళకు పనులుండవా? మా ఆవిడ సెలవులన్నీ అయిపోయాయి. కోడలు ఉద్యోగం మానుకోవాలని ఒకరిద్దరు పెద్దలు సూచించారు. ఆమె వాళ్ళకు కాఫీ ఇచ్చి పంపింది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాను. అమ్మ పక్కబట్ట తడిసి ఉంది. నేను చూశాను. చూసి, విసనకర్ర ఆమె మంచి చేతికి అందించి, కోర్టుకు వేళయిందని వెళ్ళిపోయాను. కన్నతల్లి చీర కొడుకు ఎట్లా మారుస్తాడు అనుకున్నాను. సాయంత్రం మా ఆవిడ బడి నుంచి వచ్చేదాకా అమ్మ ఆ తడిలోనే పడి ఉంది. నడుం కింద చర్మం కమిలి ఎర్రగా కనిపించింది. మా ఆవిడే పక్క మార్చింది. మర్నాడు పాదిరిగారి దగ్గరికి వెళ్ళి, ముసలివాళ్ళను చూసుకోవడం తెలిసిన మనిషి ఎవరన్నా ఉంటే చెప్పమని అడిగింది.

అట్లా వచ్చింది ఆయమ్మ. నలభై అయిదేళ్ళుంటాయి. భర్త పోయాడు. పన్నెండేళ్ళు మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసి, తరవాత మూడేళ్ళు నడికుడిలో ఒక రైల్వే ఉద్యోగి తల్లిని చూసుకుంది. చేతిలో గుడ్డసంచి, చంకలో గొడుగు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, రెండూ సరిగ్గా పక్కపక్కన పెట్టింది. కోర్టులో సాక్షులను చూసి చూసి నాకు మనిషి చెప్పులు గమనించే అలవాటు. ఆ చెప్పుల్లో నాకు తప్పు దొరకలేదు. అప్పుడే కొంచెం చిరాకు వేసింది.

ఆమెను నేను పద్దెనిమిది ప్రశ్నలడిగానని పెళ్ళిపందిళ్ళలో చెబుతుంటాను. నిజానికి అడిగింది మా ఆవిడ. నేను అడిగింది ఒకటి.

మా ఆవిడ చాప పరిచి, ఆమెను కూర్చోమని, తానూ ఎదురుగా కూర్చుంది. ఇంతకు ముందు చూసిన పెద్దావిడ లేవగలిగేదా, మంచం మీదే ఉండేదా? రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వచ్చేది? మింగేటప్పుడు పొరబోతే ఏం చేసేదానివి? కోపంతో పెద్దావిడ గిన్నె విసిరికొడితే? నీకు జ్వరం వస్తే ఎవరికి కబురు చెయ్యాలి? ఎప్పుడెప్పుడు ఇంటికి వెళ్ళాలి? ఏ పని చెయ్యవు, అది కూడా ఇప్పుడే చెప్పు. ఆమె తొందరపడకుండా జవాబులు చెప్పింది. పెద్దావిడ బట్టలు, పక్క, స్నానం, తిండి, మందు తన పని. ఇంటిల్లిపాదికీ వంట, రుబ్బుడు, అంట్లు తన పని కాదు. తెలియని మందు ఎవరు చెప్పినా వెయ్యదు. రెండు వారాలకోసారి శనివారం సాయంత్రం నడికుడి వెళ్ళి ఆదివారం సాయంత్రం బండికి వస్తుంది. గిన్నె విసరడం గురించి అడిగితే నవ్వింది.

"ఖాళీ గిన్నయితే పర్లేదు టీచరమ్మా. గంజి ఉన్నప్పుడే జాగర్తగా ఉండాల."

అప్పుడు నేను గొంతు సవరించుకుని, నీ మీద ఏమన్నా కేసులున్నాయా అని అడిగాను.

ఆమె నా వంక నెమ్మదిగా చూసింది. "లేవయ్యా. మీ మీద?"

పక్కగదిలోంచి అమ్మ నవ్వు వినిపించింది. జబ్బు పడ్డాక అమ్మ నవ్వడం అదే మొదలు. నేను పుట్టించిన నవ్వే అయినా, దాన్ని ఆమె పట్టుకుపోయినట్టు అనిపించింది నాకు.

తరవాత ఆమె ఎదురు ప్రశ్నలు మొదలుపెట్టింది. తానొక్కతే పెద్దావిడను లేపలేని పూట చెయ్యి సాయం ఎవరు వస్తారు? తన పక్క ఎక్కడ? తిండి అందరితోనా, మిగిలాకా? చివరికి ఇంకొకటి అడిగింది.

"నేనొస్తానని పెద్దమ్మకు చెప్పారా? ఆమెకిష్టమేనా?"

అమ్మను అడగాలన్న ఆలోచనే మాకు రాలేదు. లోపలికెళ్ళి అడిగాం. కాసేపు నాకు నచ్చితే చూద్దాం అంది అమ్మ. ఆయమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పక్కకు తిప్పమంటారా పెద్దమ్మా అని అడిగి, ఆమె ఊఁ అన్నాకే చెయ్యి వేసింది. పడిపోయిన చేతిని లాగలేదు. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టి, చంటిబిడ్డను బోర్లించినట్టు తిప్పింది. నడుం కింద ఎరుపు చూసి, మూడు వేళ్ళతో మెల్లగా ఆనించి, మా వంక తిరిగి, ఇక నుంచి రెండు గంటలకోసారి తిప్పాలనీ, తడి అసలు ఉండకూడదనీ చెప్పింది. ఆ తడి ఎవరి పుణ్యమో అడగలేదు. నేను దూలాలు లెక్కపెడుతూ నిలబడ్డాను.

మా ఆవిడ పెట్టిన షరతు పదిహేను రోజులు చూసుకోవడం. పదిహేనో రోజున అమ్మ వద్దన్నా, మేము వద్దన్నా, ఆమె వద్దన్నా సరే, ఎవరి మీద ఎవరికీ నిష్ఠూరం లేదు, చేసినన్నాళ్ళ జీతం చేతిలో పెడతాం. ఆమె ఆ మాట విని కొంగు సర్దుకుంది. నేను కూడా వద్దనొచ్చా అని రెండుసార్లు అడిగి, అవునన్నాక ఒప్పుకుంది.

పాత చోట్ల విచారించడం గురించి కూడా మా ఆవిడ ఆమె ముందే మాట్లాడింది. ఎవరిని అడగమంటావు అక్కా అంది. మిషను ఆసుపత్రి పెద్ద నర్సమ్మ, నడికుడి ఇల్లు అని ఆమె చెప్పింది. మా ఆవిడ రెండు ఉత్తరాలూ రాసి, డబ్బాలో వెయ్యకముందు చదివి వినిపించింది. ఆమె శ్రద్ధగా విని, నడికుడి ఉత్తరంలో ఆ ముసలావిడ పోయినందుకు ఒక మాట రాయమంది. మా ఆవిడ అడుగున రాసింది. నాకిదంతా పిల్లల ఆటలా ఉంది. సాక్షికి చెప్పి సాక్షి గురించి విచారిస్తారా ఎక్కడన్నా?

ఇక ఆ తరవాతి రోజుల సంగతి. ఇందులో సాగదీసింది ఏమీ లేదు. ఉన్నదున్నట్టు చెప్పడానికే సిగ్గుగా ఉంది.

నా చేత్తో రెండు చెంచాలు తాగి మొహం తిప్పుకునే అమ్మ, ఆమె చేత్తో గిన్నెడు జావ తాగేది. ఆ కిటుకు నేనూ నేర్చుకుందామని ఒక పొద్దున గిన్నె లాక్కుని, పడుకున్న మనిషి నోట్లో పోశాను. అమ్మ దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయమ్మ పరుగున వచ్చి, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, దగ్గు పూర్తిగా ఆగేదాకా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. తరవాత గిన్నె నాకే ఇచ్చింది. కొంచెం కొంచెం, కుడి దవడ పక్కన పెట్టండయ్యా, మింగిందాకా ఆగండి అని చెప్పింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. గిన్నె కింద పెట్టి వెళ్ళిపోయాను.

జుట్టు ఆమె దువ్వేది. గోళ్ళు ఆమె తీసేది. కుడిచేత్తో ఎడమచెయ్యి పట్టుకుని ఎత్తడం ఆమె నేర్పింది. సాయంత్రం నేను ఇంటికి రాగానే ఒరేయ్ వచ్చావా అని పిలిచే గొంతు, ఏమే వాడొచ్చాడేమో చూడు అని ఆమెకు పని చెప్పడం మొదలుపెట్టింది.

అవన్నీ ఓర్చుకున్నాను. వాక్యం దగ్గర ఓర్చుకోలేకపోయాను. ఎనిమిదేళ్ళప్పటి నుంచీ సాయంత్రం దీపం పెట్టాక అమ్మకు బైబిలు వాక్యం చదివి వినిపించేది నేను. నాన్న ఉన్నప్పుడు కూడా నేనే. నా గొంతు బాగుంటుందని గుడిలో కూడా చెప్పుకునేవారు. ఇది గొప్ప కాదు, నిజం. ఆయమ్మకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం మాత్రమే వచ్చు. ఒకరోజు వకీలుగారింట్లో ఆలస్యమై వచ్చేసరికి, తప్పిపోయిన గొర్రె కథ ఆమె చూడకుండా చెబుతోంది. ఆ గొర్రె బొల్లిదట. నాపరాళ్ళ గుంటల వైపు పోయి, రేగుకంపలో ఇరుక్కుందట. కాపరి ధోవతి చినిగిందట. ఇవన్నీ ఎక్కడున్నాయి అని గుమ్మంలోంచే అడిగాను.

"కంప లేకుండా గొర్రె ఎట్టా ఆగుద్దయ్యా?" అంది ఆమె.

"నువ్వు చదివితే కోర్టు కాయితం ఇన్నట్టుంటదిరా," అంది అమ్మ. "ఇది చెప్తంటే కళ్ళముందర ఆడతంది. ఉండు, గొర్రె దొరకనీ."

గొర్రె దొరికేదాకా నిలబడ్డాను. ఆ రోజు అన్నం సయించలేదు.

పదో రోజున ఇంకోటి జరిగింది. పెరటి వైపు నుంచి వస్తూ కిటికీ దగ్గర ఆగాను. అమ్మ మాట్లాడుతోంది. నాకు ముందు ఒక మగబిడ్డ పుట్టి, ఇరవై రోజులుండి పోయాడట. వాడికి ఎడమ చెవి దగ్గర మచ్చ ఉండేదట. నాకు అప్పటికి ముప్ఫై ఏళ్ళు. నాకొక అన్న ఉన్నాడని ముప్ఫై ఏళ్ళలో నాకు చెప్పని మనిషి, పదిరోజుల కింద వచ్చిన ఆవిడకు చెబుతోంది. ఆయమ్మ ఓదార్చడం లేదు. ఏ చెవి పెద్దమ్మా అని మళ్ళీ అడుగుతోంది, అంతే. చప్పుడు చెయ్యకుండా వెనక్కి పెరట్లోకి పోయాను.

ఆసుపత్రి నుంచి జవాబు అప్పటికే వచ్చింది, మంచిగానే రాశారు. నడికుడి నుంచి రాలేదు. రాకపోవడమే నాకు దొరికిన ఆధారం. జవాబు రాలేదంటే ఏదో ఉండాలి అనుకున్నాను. ఉండాలి అని కోరుకున్నాను అంటే సరిగ్గా ఉంటుంది. గురువారం నాడు కోర్టులో వాయిదా ఉందని ఇంట్లో చెప్పి, కాగితాల కట్ట చంకన పెట్టుకుని రైలెక్కాను.

గుమస్తా విచారించే పద్ధతి ఒకటుంది. మనిషి గురించి ఆ మనిషి ఇంట్లో అడగకూడదు. ఊళ్ళో దిగగానే కొట్టు దగ్గర నిలబడాలి, ఏదో ఒకటి తాగాలి, మాటల్లో పెట్టి లాగాలి. నేను సోడా తాగుతూ సాయిబుని అడిగాను, ఫలానా ఆమె ఇక్కడ రైల్వేవాళ్ళింట్లో పనిచేసిందట, ఎట్లాంటిది, ఎందుకు మానేసింది అని. బెంచీ మీద ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళూ విన్నారు. చాలా జాగ్రత్తగానే అడిగాను. సాయిబు, మంచిమనిషి అన్నాడు. రైల్వే క్వార్టర్ల దగ్గరికి వెళ్ళాను. ఆ ఇంట్లో కొత్తవాళ్ళున్నారు, పాతవాళ్ళు బదిలీ అయి వెళ్ళిపోయారు. మా ఉత్తరం ఎవరికి అందిందో దేవుడికి తెలియాలి. పక్కింటావిడ మాత్రం నిలబెట్టి మరీ చెప్పింది. ముసలావిడ చివరి రోజుల్లో ఎవరినీ గుర్తుపట్టక ఆయమ్మను కొరికిందట. ఆమె చేతి మీద పళ్ళగాట్లతోనే గంజి తాగించిందట. ముసలావిడ పోయాక కూడా మూడు రోజులుండి, పక్కబట్టలన్నీ ఉడకబెట్టి ఆరేసి వెళ్ళిందట.

తిరుగు రైల్లో నాకు దిగులు పట్టుకుంది. ఏమీ దొరకనందుకు. ఇంటికొచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

శనివారం సాయంత్రం ఆయమ్మ వంతు ప్రకారం నడికుడి వెళ్ళింది. అక్కడ ఆమె చెల్లెలిల్లు ఉంది. ఆదివారం సాయంత్రం చెప్పిన బండికే వచ్చింది. సోమవారం పదిహేనో రోజు. పొద్దున అమ్మకు ఒళ్ళు తుడిచి, బట్ట మార్చి, జావ తాగించి, పక్కకు తిప్పి, చేతులు కడుక్కుని వచ్చి, మొదటి రోజు కూర్చున్న చోటే కూర్చుంది. సంచి సర్ది పక్కన ఉంది.

"పదైదు రోజులయ్యింది టీచరమ్మా. నేనుండను."

మా ఆవిడ బడికి బయలుదేరుతున్నది ఆగిపోయింది. పని ఎక్కువైందా, మేమేమన్నా అన్నామా అని అడిగింది. ఆయమ్మ సంచిని ఒళ్ళోకి తీసుకుంది. తరవాత చెప్పింది. నడికుడిలో ఆమె మీద దావా పడిందని అందరూ చెప్పుకుంటున్నారు. పేటలో ఎవరింట్లోనో నగ పోయిందనీ, వకీలు గుమస్తా ఒకడు కాగితాల కట్టతో వచ్చి విచారించి పోయాడనీ. ప్రార్థన మందిరం తాళంచెవి ఆమె భర్త ఉన్నప్పటి నుంచీ వాళ్ళింట్లోనే ఉంటుంది. శనివారాలు ఊడ్చేది వాళ్ళే. ఈ మాట తేలేదాకా తాళంచెవి ఇచ్చెయ్యమని పెద్దలు అడిగి తీసుకున్నారు. ఇరవై ఏళ్ళ నుంచీ మేకుకు వేలాడే తాళంచెవి.

"దావా ఏందని సాయిబు అడిగితే, అదంతా ఇప్పుడు చెప్పగూడదు అన్నాడంట ఆ గుమస్తా."

ఇందాక నేను మింగేసిన మాట అదే. జాగ్రత్తగా అడిగానని రాశాను కదా. ఏందయ్యా, దావానా అని సాయిబు అడిగినప్పుడు, కాదు అనే ఒక్క మాట చాలు. కానీ చంకన కట్ట ఉంది, బెంచీ మీద జనం నా వంకే చూస్తున్నారు. పెద్దమనిషిలా నవ్వి, ఆ ముక్క అన్నాను. వకీలుగారు అనే మాట అది. నాకు ఎప్పుడూ అనే అవకాశం రాలేదు.

మా ఆవిడ నా వంక చూసింది. పేటలో గుమస్తాలు చాలామంది ఉన్నారు అన్నాను.

మంచం మీద నుంచి అమ్మ గొంతు వచ్చింది. "వీడేనమ్మా. బేస్తవారం నాడు సాయంత్రం వాక్యం చదవటానికి వంగితే చొక్కాకు బొగ్గునుసి. కోర్టులో రైలింజను ఏడుందిరా?"

ఆయమ్మకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు, లేక కనపడనివ్వలేదు.

"నన్నడిగితే నేనే తీసకపొయ్యేదాన్ని గదయ్యా," అంది. "మా చెల్లెలింట్లో అన్నం తిని, నలుగుర్నీ అడిగి వచ్చేవోళ్ళు."

సంచి తీసుకుని లేచింది. అమ్మ ఏడవలేదు. ఉండమని బతిమాలలేదు. ఆమె వైపు కాకుండా నా వైపు తిరిగి, ఒరేయ్, ఇకనుంచి నువ్వే తిప్పాల నన్ను, నేర్పించి పొమ్మను అంది. ఆ మధ్యాహ్నం తడిబట్ట సంగతి అమ్మ మర్చిపోలేదని అప్పుడు తెలిసింది. ఏం చేస్తే ఉంటావు అని ఆయమ్మను అడిగాను. అంతకు ముందు ఆమెతో నేరుగా మాట్లాడిందే తక్కువ.

ఉండే సంగతి తరవాత, ముందు నా తాళంచెవి నాక్కావాలి అంది. మీరు ఎక్కడ నిలబడి ఆ మాట అన్నారో, అక్కడే నిలబడి లేదని చెప్పాల.

మర్నాడు మా ఆవిడ బడికి సెలవు పెట్టి అమ్మ దగ్గర ఉంది. నేనూ ఆయమ్మా రైలెక్కాం. కాగితాల కట్ట ఇంట్లో వదిలేశాను. ఇక నలభై మంది సంగతి ఒప్పుకోవాలి. ఐదుగురు. సాయిబు, బెంచీ మీద ముగ్గురు, రైలు దిగి నీళ్ళకొచ్చిన ఒకాయన. సాయిబు కళ్ళు తుడుచుకున్నాడు గానీ, అది గోలీ కొట్టినప్పుడు సోడా చిమ్మి. టికెట్లిచ్చే ఆయన కిటికీ మూసింది తన భోజనానికి. బండి ఆగింది నీళ్ళు పట్టడానికి. వాళ్ళ ముందు నేను మరీ గట్టిగా కాకపోయినా, వినపడేంత గొంతుతో, తప్పు నాది, దావా లేదు, ఈ అక్క మా ఇంట్లో మా అమ్మను చూసుకుంటున్నది, నేనే అసూయ కొద్దీ వచ్చాను అని చెప్పాను. అక్క అనడం అదే మొదటిసారి. తరవాత మందిరం పెద్దల ఇంటికి వెళ్ళాం, తాళంచెవి ఆమె చేతికి వచ్చింది. చెల్లెలింట్లో గోంగూరతో అన్నం పెట్టారు.

తిరిగి వస్తూ రైల్లో ఆమె ఇంకో పదిహేను రోజులు అంది. ఈసారి చూసేది నేను అంది.

ఆ పదిహేను రోజులూ నేను వణుకుతూ బతికాను. అమ్మను తిప్పడం నేర్చుకున్నాను, ముందు అడిగి, తరవాత చెయ్యి వెయ్యడం. కళ్ళు పక్కకు తిప్పుకుని చీర మార్చడం కూడా నేర్చుకున్నాను. సాయంత్రాలు వాక్యం నేను చదివేవాణ్ణి, చదవడం అయ్యాక ఆమె దాన్ని మళ్ళీ చెప్పేది. అమ్మ నేను చదువుతున్నంతసేపూ నాకేసి చూసేది, ఎప్పుడైపోతుందా అన్నట్టు. పదిహేను రోజులు అయ్యాక ఆమె సంచి సర్దలేదు. అమ్మ ఉన్న నాలుగేళ్ళూ ఆమె ఉంది. ఆఖరి పొద్దున అమ్మ ఏమే అని పిలిచింది. ఒరేయ్ అని పిలవలేదు. ఇన్నేళ్ళయ్యాక కూడా అది తలచుకుంటే లోపల మండుతుంది, దాచడం దేనికి.

రాసిందంతా మా ఆవిడకు ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, పంతులమ్మ అలవాటు కొద్దీ చేతిలో పెన్సిలుతో చదివింది. అంతా చదివి, నడికుడి దగ్గరికి వెనక్కి వచ్చి, ఒక చోట గీత గీసింది. ఐదుగురే, ఒప్పుకున్నానుగా అన్నాను.

"ఐదుగురు సరే. మీరెప్పుడు మాట్లాడారు?"

ఏం, తప్పు నాది అన్నాను కదా.

"ఆ సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టగానే అక్క నాతో చెప్పింది. కొట్టు ముందుకెళ్ళి మీరు నోరు తెరిచి, మూసుకున్నారంట. ఆమే చెప్పింది, సాయిబుగారూ, ఈయన నేను పనిచేసే ఇంటాయన, నా మీద దావా లేదు, నన్నడక్కుండా నా గురించి అడగటానికొచ్చాడు, అంతే అని. సాయిబు అంతేనా అని మిమ్మల్నడిగితే తలకాయ ఊపారంట."

మరి ఇన్నేళ్ళూ పెళ్ళిళ్ళలో నేను చెబుతుంటే ఎందుకు ఊరుకున్నావు అన్నాను.

"అక్క వద్దంది, పోనీ చెప్పుకోనీ అంది. కాయితం మీద పెడుతున్నారు కాబట్టి చెబుతున్నా." పెన్సిలు నా చేతికిచ్చింది. "మాట్లాడింది ఆమె. మీరు ఆమె సంచి పట్టుకుని నిలబడ్డారు. అట్టా రాయండి."